చీఫ్ అఫిడవిట్: సాక్షి మాట, కాగితాల వరుస

సివిల్ దావాలో ఒక పక్షం తన సాక్షి చేత ముందుగా చెప్పించే సాక్ష్యాన్ని చట్టం ముఖ్య విచారణ అంటుంది. కోర్టు ఆవరణలో ప్లీడరు నుంచి బంట్రోతు దాకా అందరూ దాన్ని 'చీఫ్' అనే అంటారు. ఒకప్పుడు ఈ చీఫ్ బోనులోనే నడిచేది. సొంత ప్లీడరు ఒక్కో ప్రశ్న అడిగేవారు, సాక్షి జవాబు చెప్పేవాడు, జడ్జి గారు దాన్ని రాయించేవారు. ఒక్క సాక్షి చీఫ్‌కే పూట గడిచిపోయిన రోజులుండేవి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన సవరణలు 2002 జూలై 1న అమల్లోకి వచ్చాక ఆ పద్ధతి మారింది. 18వ ఆర్డరు 4వ రూలు ప్రకారం సాక్షి చీఫ్‌ను అఫిడవిట్‌గా రాసి దాఖలు చేయాలి. నకలు ఎదుటి పక్షానికి ఇవ్వాలి. క్రాస్ మాత్రం మునుపటిలాగే నోటితో, జడ్జి ముందు గానీ కోర్టు నియమించిన అడ్వొకేట్ కమిషనర్ ముందు గానీ జరుగుతుంది. కోర్టు సమన్ల మీద వచ్చే తహసీల్దారు, బ్యాంకు మేనేజరు లాంటి వారి సంగతి వేరు. వారి చేత అఫిడవిట్ రాయించుకునే వీలు పార్టీకి ఉండదు కాబట్టి వారిని బోనులోనే విచారిస్తారు.

ఈ మార్పుతో కోర్టుకు సమయం కలిసొచ్చింది గానీ రాసేవారి మీద కొత్త బరువు పడింది. బోనులో సాక్షి ఏదైనా మరచిపోతే ప్లీడరు మరో ప్రశ్న వేసి గుర్తుచేసుకునేలా చేసేవారు. అఫిడవిట్‌లో ఆ అవకాశం లేదు. అందులో లేని మాట సాక్షి చీఫ్‌లో చెప్పనట్టే.

అఫిడవిట్ రాయడంలో ఎక్కువగా కనిపించే తప్పు దావా కాగితాన్ని తిరగరాయడం. దావాలోని పేరాలను తీసుకుని, 'వాది' అన్నచోటల్లా 'నేను' అని మార్చి, చివర ప్రమాణం తగిలిస్తే చీఫ్ సిద్ధమైందనుకుంటారు. కానీ దావా వేరు, సాక్ష్యం వేరు. కోడ్‌లోని 6వ ఆర్డరు దావాలో ముఖ్యమైన సంగతులే ఉండాలనీ, వాటిని రుజువు చేసే సాక్ష్యం అక్కడ ఉండకూడదనీ చెబుతుంది. అప్పు ఇచ్చాడన్నది సంగతి. ఎక్కడ కూర్చుని ఇచ్చాడు, ఎవరు లెక్కపెట్టారు, నోటు ఎవరి దస్తూరీ, సంతకం ఎవరి కళ్ల ముందు పడింది అన్నవి సాక్ష్యం. దావాలో ఉండనవసరం లేని ఈ రెండో రకం వివరాలే చీఫ్‌లో ఉండాలి. 19వ ఆర్డరు 3వ రూలు మరో హద్దు గీసింది. సాక్షి తన సొంత ఎరుకతో రుజువు చేయగలిగిన సంగతులే అఫిడవిట్‌లో రాయాలి. 'నాకు తెలిసినంతవరకు, నేను నమ్మినంతవరకు' అనే మాట మధ్యంతర దరఖాస్తులకు చెల్లుతుందేమో గానీ చీఫ్‌కు చెల్లదు.

తెలుగు నేలమీద సివిల్ కోర్టుల్లో రోజూ కనబడే ప్రోనోటు దావానే ఉదాహరణగా తీసుకుంటే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఇది ఊహించిన దావాయే అయినా ఇందులోని మలుపులన్నీ నిత్యం ఎదురయ్యేవే. వాది గుంటూరు జిల్లాలో ఒక మిర్చి రైతు. ప్రతివాది అదే ఊరి మరో రైతు. 2022 ఏప్రిల్ 1న ప్రతివాది మూడు లక్షలు తీసుకుని, నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి ప్రోనోటు రాసిచ్చాడు. 2024 మార్చి 18న నలభై వేలు కట్టి నోటు వెనక చెల్లు వేశాడు. తర్వాత పైసా ఇవ్వలేదు. 2025 ఏప్రిల్ 7న వాది లాయర్ నోటీసు ఇప్పించాడు. ఏప్రిల్ 25న జవాబు నోటీసు వచ్చింది. జూన్ 16న దావా పడింది. ప్రతివాది వాదన ఏమిటంటే, అప్పే లేదు. 2019లో వాది దగ్గర చీటీ పాడుకున్నప్పుడు పూచీగా సంతకం చేసిచ్చిన ఖాళీ నోటును వాది ఇప్పుడు నింపుకున్నాడు. వెనకనున్న చెల్లు సంతకం తనది కాదు.

ఈ దావాకు ప్రాణమంతా ఆ చెల్లులోనే ఉంది. అడిగిన వెంటనే తీర్చాల్సిన ప్రోనోటుకు గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. 2022 ఏప్రిల్ 1 నాటి నోటుకు ఆ గడువు 2025 ఏప్రిల్ 1తోనే తీరింది. దావా పడ్డది జూన్‌లో. మూడేళ్లలోపు కొంత బాకీ కట్టి, కట్టినట్టు రాసి సంతకం చేస్తేనే కాలపరిమితి చట్టం 19వ సెక్షన్ కింద గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. చెల్లు నిజమైతే దావా వేయడానికి 2027 మార్చి దాకా సమయం ఉన్నట్టు. అబద్ధమని తేలితే నోటు ఎంత నిజమైనా దావా కాలదోషం పట్టి పోతుంది. మామూలు ప్రోనోటు దావాలో చెల్లు గురించి ఒక్క వాక్యం సరిపోతుంది. ఈ దావాలో దానికి ఒక పూర్తి పేరా ఇవ్వాలి. ఏ సంగతికి ఎంత చోటివ్వాలన్నది కోర్టు ఖరారు చేసిన వివాదాంశాలను బట్టి తేలుతుంది. నోటు నిజమైనదా, డబ్బు ముట్టిందా అన్నది ఒక అంశం. చెల్లు నిజమైనదా, దావా గడువులో ఉందా అన్నది రెండోది.

అందుకే రాయడం మొదలుపెట్టే ముందు బల్ల మీద దావా నకలు, ప్రతివాది జవాబు దావా, వివాదాంశాల నకలు, అసలు కాగితాలు ఉండాలి. ఆ తర్వాత సాక్షిని కూర్చోబెట్టి, కాగితాలేవీ చూపకుండా, జరిగింది మొదటి నుంచి చెప్పమనాలి. చాలా ఆఫీసుల్లో ఈ పని జరగదు. గుమస్తా పాత అఫిడవిట్ ఒకటి తెరిచి పేర్లు, తేదీలు మారుస్తాడు. సాక్షి వచ్చి సంతకం పెట్టి వెళతాడు. సాక్షిని ముందే మాట్లాడనిస్తే ప్లీడరుకు తెలియని సంగతులు బయటపడతాయి. మన వాదిని కదిపితే, ఆ డబ్బు అంతకు నాలుగు రోజుల ముందు గుంటూరు యార్డులో మిర్చి అమ్మగా వచ్చిందనీ, కమిషన్ వ్యాపారి ఇచ్చిన తక్‌పట్టీ ఇంట్లో ఉందనీ చెప్పాడు. దావాలో ఆ ముక్క లేదు. అయినా ఫర్వాలేదు. డబ్బు ఎక్కడిదన్నది సాక్ష్యమే తప్ప దావా ఆధారం కాదు కాబట్టి చీఫ్‌లో చెప్పవచ్చు. తక్‌పట్టీ కాగితం మాత్రం దావాతోపాటు దాఖలు కాలేదు. 7వ ఆర్డరు 14వ రూలు కింద కోర్టు అనుమతి తీసుకున్నాకే దాన్ని సాక్ష్యంలోకి తేవాలి. ఆ దరఖాస్తు చీఫ్‌కు ముందే వేసుకోవడం మేలు.

తేదీలను పంచాంగంతో ఒకసారి సరిచూసుకోవాలి. 2022లో ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది. అంటే నోటు తేదీ అమావాస్య. 'అమావాస్య నాడు అప్పిచ్చావా?' అని క్రాస్‌లో ప్రశ్న పడక మానదు. చట్టం దృష్టిలో అది పెద్ద ప్రశ్న కాదు. కానీ సాక్షి ఆ సంగతి ముందే ఆలోచించి ఉండకపోతే బోనులో తడబడతాడు. అడిగితే వాది చెప్పిన జవాబు ఇది: పండగ ముందే బోరు వేయించాలని ప్రతివాది పట్టుబట్టాడు, యార్డు డబ్బు చేతిలో ఉంది, ఇచ్చాను. నిజం ఇదే అయితే ఈ మాట చీఫ్‌లోనే ఉండవచ్చు. నిజం కాకపోతే ప్లీడరు దాన్ని పుట్టించకూడదు. అఫిడవిట్ ప్రమాణం మీద ఇచ్చే సాక్ష్యం. తెలిసి అబద్ధం చెబితే ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం.

ఇక రాత. అఫిడవిట్ తలకట్టులో కోర్టు పేరు, దావా నంబరు, పార్టీల పేర్లు ఉంటాయి. దాని కింద సాక్షి పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం. తర్వాత ఉత్తమ పురుషలో, అంటే 'నేను' అంటూ, నంబరు వేసిన పేరాల్లో రాయాలి. ఒక పేరాకు ఒక్క సంఘటన చాలు. క్రాస్‌లో 'నీ అఫిడవిట్ నాలుగో పేరాలో ఇలా ఉంది' అని అడిగినప్పుడు ఆ పేరాలో మూడు సంవత్సరాల చరిత్ర కుక్కి ఉంటే సాక్షికి ఏం చెప్పాలో తెలియదు.

మొదటి పేరాలో తానెవరో, ప్రతివాది తనకెలా తెలుసో చెప్పాలి. ఆ తర్వాత సంగతులన్నీ జరిగిన వరుసలోనే రావాలి. మిర్చి అమ్మకం, అప్పు అడగడం, డబ్బు ఇవ్వడం, నోటు రాయడం, వడ్డీ అడగడం, చెల్లు, నోటీసు, జవాబు, దావా. దావాలో ఏది ముందు రాశారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కాలక్రమం తప్పితే చదివే జడ్జికి ఏ కాగితం ఏ పరిస్థితిలో పుట్టిందో అర్థం కాదు. పైగా తేదీల మధ్య ఖాళీలు దాక్కుంటాయి. వరుసగా రాస్తే ఆ ఖాళీలు రాసేవారికే ముందు కనబడతాయి. 2022 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా రెండేళ్లు వాది ఏం చేశాడు? అడిగాడా? ఎక్కడ అడిగాడు? ఈ ప్రశ్నకు దావాలో 'పలుమార్లు కోరగా' అనే అరిగిపోయిన మాట ఒక్కటే ఉంది. ఒకసారి ఎప్పుడు, ఎక్కడ అడిగాడో సాక్షికి గుర్తుంటే ఆ ఒక్కటీ రాయడం, పలుమార్లు అని రాయడం కంటే బలమైనది. గుర్తులేకపోతే గుర్తున్నంతే రాయాలి.

నోటు పేరాను చాలా అఫిడవిట్లలో ఇలా రాస్తారు: 'ప్రతివాది తన కుటుంబ అవసరముల నిమిత్తము నా వద్ద రూ.3,00,000 అప్పుగా తీసుకొని సదరు మొత్తమునకు ప్రామిసరీ నోటు వ్రాసి ఇచ్చియున్నారు.' ఇందులో అబద్ధం లేదు, సాక్ష్యమూ లేదు. ఏ ప్రోనోటు దావాలోనైనా సరిపోయే వాక్యం ఇది. ప్రతివాది సంతకం పెట్టాడనడానికి సాక్షి చూసిన దృశ్యం ఇందులో లేదు. వాది చెప్పిన మాటలనే వరుసలో పెడితే ఆ పేరా ఇలా ఉంటుంది:

'2022 ఏప్రిల్ 1న మధ్యాహ్నం సుమారు మూడు గంటలకు ప్రతివాది మా ఇంటికి వచ్చారు. బోరు వేయించడానికి డబ్బు కావాలని రెండు రోజుల ముందే అడిగి ఉన్నారు. మా ఇంటి వసారాలో రూ.3,00,000 నగదు లెక్కపెట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన మళ్లీ లెక్కపెట్టుకున్నారు. మా ఊరి కిరాణా కొట్టు యజమాని నోటు రాసి చదివి వినిపించారు. ప్రతివాది రెవెన్యూ స్టాంపు మీద నా ఎదుటే సంతకం చేశారు. ఆ తర్వాత మా వీధివారు ఇద్దరు సాక్షి సంతకాలు చేశారు. ఆ నోటును ఎగ్జిబిట్ ఎ-1గా మార్కు చేయవలసిందిగా కోరుతున్నాను. దాని మీది సంతకం ప్రతివాది చేస్తుండగా చూశాను కాబట్టి అది ఆయనదేనని చెబుతున్నాను.'

ఈ పేరాలో విశేషణాలు లేవు, చట్టం లేదు. కానీ సంతకం రుజువుకు కావలసిందంతా ఉంది. నోటు మీద సంతకం ప్రతివాదిదేనని రుజువైతే, డబ్బు ముట్టిందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ కింద కోర్టు ముందుగానే అనుకుంటుంది. కాదని చూపే భారం అప్పుడు ప్రతివాది మీదికి పోతుంది. కాబట్టి డబ్బు లెక్కపెట్టిన దృశ్యం ఎంత ముఖ్యమో సంతకం దృశ్యం అంతకంటే ముఖ్యం.

చెల్లు పేరాకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. చట్టం అడిగేది ఏమిటంటే, చెల్లు రాత బాకీదారుడి స్వహస్తంతో ఉండాలి, లేదా ఎవరు రాసినా కింద ఆయన సంతకం ఉండాలి. అందువల్ల ఎవరు రాశారో, ఎవరు సంతకం చేశారో రెండూ విడివిడిగా చెప్పాలి. మన వాది చెప్పినదాని ప్రకారం చెల్లు రాసింది వాది కొడుకు, సంతకం చేసింది ప్రతివాది, చూసింది వాది. ఈ మూడు ముక్కలూ పేరాలో ఉండాలి. 'ప్రతివాది చెల్లు వేసి ఉన్నారు' అని ఊరుకుంటే, ఆ అక్షరాలు తన కొడుకువని వాది క్రాస్‌లో ఒప్పుకున్న క్షణాన ఏదో దాచిపెట్టినట్టు కనబడుతుంది. దాచనవసరం లేని నిజాన్ని ముందే చెప్పేస్తే ఆ ప్రశ్నకు పదును ఉండదు. సంతకమే కాదంటున్నాడు కాబట్టి నిపుణుడి పరిశీలనకు పంపాలని వాది దరఖాస్తు వేసుకోవచ్చు. అది వేరే పని. అందుకు కావలసిన పునాది మాత్రం చీఫ్‌లోనే పడాలి.

చీటీ కథకూ జవాబు ఇక్కడే చెప్పాలి. ఎదుటివాడి వాదన అబద్ధం అనడం జవాబు కాదు. వాది ఎన్నడూ చీటీ నడపలేదంటే ఆ ఒక్క వాక్యం చాలు. నడిపి ఉంటే ఎప్పుడు నడిపాడో, ప్రతివాది అందులో ఉన్నాడో లేడో, అది ఎప్పుడు ముగిసిందో చెప్పాలి. ఈ చోట చాలామంది ప్లీడర్లు తమ వాదనంతా సాక్షి నోట పెడతారు. 'ప్రతివాది వాదన చట్టరీత్యా నిలువదు, ఎస్టాపెల్ వర్తిస్తుంది' అని మిర్చి రైతు ప్రమాణం చేస్తాడు. క్రాస్‌లో 'ఎస్టాపెల్ అంటే ఏమిటయ్యా?' అని అడిగితే అతని దగ్గర జవాబుండదు. అప్పుడు మిగతా పేరాలు కూడా అతనివి కావేమోననే అనుమానం కలుగుతుంది. చట్టం మాట్లాడాల్సింది ప్లీడరు, అదీ ఆర్గ్యుమెంట్ల రోజున.

లెక్క కూడా సరిపోవాలి. రూపాయిన్నర వడ్డీ అంటే మూడు లక్షలకు నెలకు 4,500, రోజుకు 150. నోటు తేదీ నుంచి చెల్లు తేదీ దాకా 23 నెలల 17 రోజులకు వడ్డీ 1,06,050. కట్టిన నలభై వేలు వడ్డీ కింద తీసేస్తే 66,050 మిగులుతుంది. చెల్లు నుంచి దావా దాకా 14 నెలల 29 రోజులకు మరో 67,350. అసలుతో కలిపి బాకీ 4,33,400. దావాలో ఒక మొత్తం, చీఫ్‌లో మరో మొత్తం ఉండడం ఊహించనంత తరచుగా జరుగుతుంది. నకలు చేసేటప్పుడు అంకె జారడమే కారణం. ఎదుటి ప్లీడరు మొట్టమొదట చూసేది అదే.

కాగితాల సంగతికి వస్తే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సివిల్ కోర్టుల్లో వాది కాగితాలకు ఎ సిరీస్, ప్రతివాది కాగితాలకు బి సిరీస్ నంబర్లు పడతాయి. బయటివారు తెచ్చినవి ఎక్స్, కమిషనర్ నివేదిక లాంటివి సి. మన దావాలో నోటు ఎ-1, దాని వెనక చెల్లు ఎ-2, లాయర్ నోటీసు ఆఫీసు కాపీ ఎ-3, పోస్టల్ ఎక్‌నాలెడ్జ్‌మెంటు ఎ-4, జవాబు నోటీసు ఎ-5, తక్‌పట్టీ ఎ-6. ఒకే కాగితం మీద ఉన్నా చెల్లుకు వేరే నంబరు వేయించుకోవడం మంచిది. అది వేరే రోజు పుట్టిన వేరే రాత, ఈ దావాలో అదే కీలకం. నంబరు ఇచ్చేది కోర్టు. అందుకే అఫిడవిట్‌లో 'మార్కు చేయబడినది' అని కాక 'మార్కు చేయవలసిందిగా కోరుతున్నాను' అని రాస్తారు. కాగితం దాని సంఘటన చెప్పిన పేరాలోనే రావాలి. సంగతులన్నీ చెప్పేసి, చివరి పేరాలో ఆరు కాగితాల జాబితా ఇస్తే, ఆ కాగితం ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు పుట్టించారో చెప్పే మాట ఎక్కడా ఉండదు.

మార్కు వేరు, రుజువు వేరు. చీఫ్‌తోపాటు కాగితాలు వేసినంత మాత్రాన అవి సాక్ష్యంలోకి వచ్చేసినట్టు కాదని 4వ రూలే చెబుతుంది. వాటి రుజువు, అర్హత కోర్టు ఉత్తర్వులకు లోబడి ఉంటాయి. ఎగ్జిబిట్ నంబరు పడ్డాక కూడా అందులోని విషయం నిజమని వేరే రుజువు కావాలని సుప్రీంకోర్టు చెప్పింది. తక్‌పట్టీ సంగతే చూడండి. అది రాసింది కమిషన్ వ్యాపారి, వాది కాదు. వాది దాన్ని తీసుకున్నానని చెప్పగలడు గానీ అందులోని తూకం, ధర నిజమని రుజువు చేయలేడు. ప్రతివాది దాన్ని గట్టిగా కాదంటే వ్యాపారినో ఆయన గుమస్తానో పిలవాలి. లాయర్ నోటీసు అలా కాదు. దాన్ని పంపమన్నది వాదే కాబట్టి వాది మాట సరిపోతుంది.

కాగితం మార్కు చేసేటప్పుడు ఎదుటి పక్షం అభ్యంతరం చెప్పవచ్చు. మామూలు అభ్యంతరమైతే జడ్జి దాన్ని నమోదు చేసుకుని, కాగితాన్ని తాత్కాలికంగా మార్కు చేసి, తీర్పులో తేలుస్తారు. 2001లో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ఇది. స్టాంపు అభ్యంతరానికి మాత్రం అక్కడే తీర్పు చెప్పాలి. ఎందుకంటే స్టాంపు లోపమున్న కాగితం ఒకసారి సాక్ష్యంలోకి వచ్చేస్తే, స్టాంపు చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఆ దావాలో దాన్ని స్టాంపు పేరుతో మళ్లీ ప్రశ్నించలేరు. అమ్మకపు అగ్రిమెంటుకు స్టాంపు తక్కువైతే జరిమానాతో కలిపి కట్టి మార్కు చేయించుకోవచ్చు. ప్రోనోటుకు ఆ దారి లేదు. రెవెన్యూ స్టాంపు లేని ప్రోనోటు సాక్ష్యానికి పనికిరాదు, జరిమానా కట్టినా సరికాదు. అందువల్ల అసలు నోటును వెలుతురులో పట్టుకుని, స్టాంపు ఉందా, సంతకం దాని మీదుగా వెళ్లి స్టాంపును రద్దు చేసిందా అని ముందే చూసుకోవాలి.

జిరాక్సులతో చీఫ్ వేయడం మరో పొరపాటు. అసలు కాగితం ఎక్కడుందో, ఎందుకు తేలేకపోతున్నారో చెప్పకుండా జిరాక్సును ద్వితీయ సాక్ష్యంగా కోర్టు తీసుకోదు. వాట్సాప్ మెసేజీలు, సీసీటీవీ దృశ్యాలు లాంటివైతే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. 2024 జూలై 1 నుంచి పాత ఎవిడెన్సు చట్టం స్థానంలో ఈ అధినియమం అమల్లో ఉంది.

రెండో సాక్షి చీఫ్ మొదటివాడి చీఫ్‌కు నకలు కాకూడదు. నోటు మీద సాక్షి సంతకం చేసిన వీధివాసి వసారాలో తాను చూసినంతే చెప్పాలి. లాయర్ నోటీసు ఎప్పుడు వెళ్లిందో, బాకీ 4,33,400 ఎలా అయిందో ఆయనకు తెలిసే అవకాశం లేదు. అయినా ఎన్నో దావాల్లో రెండో సాక్షి అఫిడవిట్‌లో ఆ వివరాలన్నీ కామాతో సహా ఉంటాయి. 'నోటీసు సంగతి నీకెవరు చెప్పారు?' అనే ఒక్క ప్రశ్నకు ఆ సాక్షి కూలిపోతాడు. సాక్షి సంతకందారు అఫిడవిట్ రెండు పేజీలు దాటితే అందులో పరాయి మాటలు చేరాయని అనుమానించవచ్చు. వాది బదులు జీపీఏ హోల్డరు సాక్ష్యం చెప్పేటప్పుడూ ఇదే హద్దు. తాను స్వయంగా చేసిన, చూసిన పనుల గురించే ఆయన చెప్పగలడు. వాది మనసులో ఉన్నది గానీ, వాది ఒక్కడికే తెలిసినది గానీ వాది తరఫున చెప్పలేడని 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన దావాలో నోటు దగ్గరా చెల్లు దగ్గరా ఉన్నది వాదే. ఆయన బోనెక్కకుండా అమెరికా నుంచి కొడుకుకు పవరు పంపితే కేసుకు నష్టమే.

రాత పూర్తయ్యాక సాక్షికి చదివి వినిపించాలి. మన కోర్టుల్లో చాలా అఫిడవిట్లు ఇంగ్లీషులో టైపవుతాయి, సాక్షి తెలుగులోనే మాట్లాడతాడు. చదివి తెలుగులో వివరించినట్టు కింద రాసి ఊరుకోకుండా నిజంగానే చదవాలి. ప్రతి పేజీ మీద సంతకం, కొట్టివేతల పక్కన పొడి సంతకం, చివర ధ్రువీకరించిన అడ్వొకేటు లేదా నోటరీ సంతకం, తేదీ ఉండాలి. 'ఈ అఫిడవిట్‌లో ఏముందో నీకు తెలుసా? ఎక్కడ సంతకం పెట్టావు?' అన్నది క్రాస్‌లో ఎప్పుడూ మొదటి ప్రశ్నే. 'మా ప్లీడరు గారు రాశారు, నేను సంతకం పెట్టాను' అని సాక్షి చెబితే ఆ ఆరు పేజీల విలువ అక్కడికక్కడే సగమవుతుంది.

విచారణ రోజున సాక్షి బోనెక్కి ప్రమాణం చేస్తాడు. అఫిడవిట్ తనదేనని, సంతకం తనదేనని ఒప్పుకుంటాడు. బెంచి క్లర్కు అసలు కాగితాలు జడ్జికి అందిస్తాడు. మార్కు అయిన ప్రతి కాగితం మీద దావా నంబరు, దాఖలు చేసినవారి పేరు, తేదీ, సాక్ష్యంలోకి తీసుకున్న మాట రాసి జడ్జి సంతకం చేస్తారు. అక్కడి నుంచి క్రాస్ మొదలవుతుంది. క్రాస్ తర్వాత వాది ప్లీడరుకు మళ్లీ ప్రశ్నించే వీలు ఉంటుంది గానీ, క్రాస్‌లో వచ్చిన సందేహాలను విశదం చేయడానికే. చీఫ్‌లో వదిలేసిన కొత్త సంగతి చెప్పించాలంటే కోర్టు అనుమతి కావాలి, అప్పుడు ఎదుటివారికి మళ్లీ క్రాస్ హక్కు వస్తుంది. సాక్షిని తిరిగి పిలిపించే 18వ ఆర్డరు 17వ రూలు కోర్టుకు వచ్చిన సందేహం తీర్చుకోవడానికి ఉన్నది. చీఫ్‌లో మిగిలిన ఖాళీలు పూడ్చుకోవడానికి దాన్ని వాడకూడదని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది.